సర్వేయర్ రిపోర్టు కాపీ ఎలా అడగాలి?

"మలక్‌పేటలో మా బట్టల షాపులోకి వాననీళ్ళొచ్చి 4 లక్షల సరుకు పాడైంది. బీమా కంపెనీ వాళ్ళు 2,28,000 మాత్రమే ఇస్తామంటున్నారు. రిపోర్టు కోసం ఫోన్ చేస్తే, నష్టం లెక్కగట్టిన సర్వేయర్ బీమా కంపెనీనే అడగమంటున్నాడు."

ఫోన్లో అడగడం వల్లే పని కావట్లేదు. పాలసీదారు అడిగితే కాపీ ఇవ్వాలి, కానీ అడిగినట్టు రుజువు ఉండాలి.

1. సర్వేయర్‌కి ఈమెయిల్ పెట్టండి, కంపెనీ క్లెయిమ్స్ విభాగానికి కాపీ వేయండి. క్లెయిమ్ నంబరు, పాలసీ నంబరు, సర్వే జరిగిన తేదీ రాయండి.

2. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. ఉత్త "రిపోర్టు" అని అడిగితే చివరి అంకె ఒక్కటే ఉన్న కాగితం రావచ్చు. "నష్టం లెక్కగట్టిన షీటు, అనుబంధాలతో సహా" అని రాయండి. స్టాకు విలువ ఎంత వేశారు, ఏ పుస్తకం చూసి వేశారు అని కూడా అడగండి.

మీ అంకె చూస్తే నా అనుమానం అండర్ ఇన్సూరెన్స్ మీద, అంటే షాపులో ఉన్న స్టాకు కంటే తక్కువ మొత్తానికి పాలసీ ఉండటం. ఉదాహరణకి 4 లక్షల్లో పాడైన సరుకు అమ్మితే వచ్చే 40,000 తీస్తే 3,60,000. పాలసీ 10 లక్షలకి ఉండి, షాపులో స్టాకు 15 లక్షలని వేస్తే మూడింట రెండు వంతులే, అంటే 2,40,000. ఎక్సెస్, అంటే మీరే భరించాల్సిన వాటా, 5 శాతం అనుకుంటే 12,000 పోయి సరిగ్గా 2,28,000. అప్పుడు ఆ 15 లక్షలు మీ స్టాకు రిజిస్టరుతో, జీఎస్టీ రిటర్నులతో సరిపోతుందో లేదో చూడాలి.

3. లెక్క చేతికి వచ్చేదాకా "పూర్తి పరిష్కారం" అని రాసిన వోచరు మీద సంతకం పెట్టకండి.

4. జవాబు రాకపోతే కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. అక్కడా తేలకపోతే హైదరాబాద్‌లోనే బీమా అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది.