మూడు షాపులు, ఒకే జీఎస్టీ నంబర్: బిల్లు నంబర్లు ఎలా వేసుకోవాలి?

ప్రశ్న: తిరుపతిలో మాకు ఇత్తడి సామాన్ల షాపు ఉంది. చిత్తూరు, శ్రీకాళహస్తిలో బ్రాంచీలున్నాయి. మూడింటికీ ఒకే జీఎస్టీ నంబర్. ఎక్కడికక్కడ 1 నుంచి బిల్లులు వేసుకుంటున్నాం. ఈసారి రిటర్న్ వేస్తుంటే చిత్తూరు బిల్లు ఒకటి, ఆ నంబర్ ఇప్పటికే ఉందని ఆగిపోయింది. ఏప్రిల్ నుంచి ఎలా పెట్టుకోవాలి?
– ఒక వ్యాపారి, తిరుపతి

జవాబు: చట్టం దృష్టిలో మీవి మూడు షాపులు కావు, ఒకే జీఎస్టీ నంబర్ ఉన్న ఒక వ్యాపారి. సీజీఎస్టీ రూల్ 46(బి) ప్రకారం ఇన్వాయిస్ నంబర్ వరుసగా ఉండాలి, ఆ ఆర్థిక సంవత్సరంలో మళ్లీ రాకూడదు, 16 అక్షరాలు దాటకూడదు. అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు, `-`, `/` మాత్రమే వాడాలి. అయితే ఒకటికంటే ఎక్కువ సిరీస్‌లు పెట్టుకోవచ్చని అదే రూల్ చెబుతోంది. మీకు దారి అక్కడే ఉంది.

మూడు షాపులూ ఒకే వరుసలోంచి నంబర్లు తీసుకునే ఏర్పాటు నేను వద్దంటాను. శ్రీకాళహస్తిలో నెట్ పోతే అక్కడ బిల్లింగ్ ఆగిపోతుంది, లేదా ఎవరో ఒక నంబర్ ఊహించి వేస్తారు. బ్రాంచికో సిరీస్ పెట్టండి. ఒకే షాపులో రెండు కంప్యూటర్లు విడివిడిగా బిల్లు కొడుతుంటే వాటికీ వేర్వేరు సిరీస్‌లు కావాలి.

ఇక నంబర్ రూపం. చాలామంది ఇలా మొదలుపెడతారు:

```
TPT/2026-27/00001
```

చూడటానికి బాగుంది కానీ లెక్కపెట్టండి, 17 అక్షరాలు. ఒక సున్నా తీసేస్తే సరిగ్గా 16కు వస్తుంది. కానీ 9999 బిల్లులు దాటిన రోజున మళ్లీ 17 అవుతుంది, అదీ సీజన్ మధ్యలో. అందుకే సంవత్సరాన్ని కుదించండి:

```
TPT/2627/00001
CTR/2627/00001
SKT/2627/00001
```

ఇవి 14 అక్షరాలే. క్రెడిట్ నోట్లకు `TPT/C2627/00001` అని పెట్టినా 15తో సరిపోతుంది. ముందు ఊరి అక్షరాలు ఉండటం వల్ల ఇంకో మేలుంది. రేపు ఈ-ఇన్వాయిస్ పరిధిలోకి వస్తే, సున్నాతో గానీ `/`, `-`తో గానీ మొదలయ్యే నంబర్‌ను ఆ పోర్టల్ తీసుకోదు. ఉత్త `3/26` లాంటి నంబర్లయితే ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేస్తుంది, అకౌంటెంట్ వెతుక్కుంటూ కూర్చోవాలి.

ఏడాది మారేటప్పుడు అసలు చిక్కు తేదీ దగ్గర వస్తుంది. సరుకు షాపు దాటి వెళ్లేలోపే ఇన్వాయిస్ రాయాలి. మార్చి 31 రాత్రి వెళ్లిన సరుకుకు ఆ రాత్రే 2526 సిరీస్‌లో బిల్లు పడాలి. ‘ఏప్రిల్‌లో చూసుకుందాం’ అని పాత సిరీస్‌లో నాలుగు నంబర్లు ఖాళీగా అట్టిపెట్టడం మానుకోండి. తనిఖీలో వెనక తేదీ వేశారనే అనుమానం ముందుగా అక్కడే పుడుతుంది. ఏప్రిల్ మొదటి వారంలో ఒక్కటి చూసుకోండి: 2526 సిరీస్‌లో ఏ బిల్లు తేదీ మార్చి 31 దాటకూడదు, 2627లో ఏదీ ఏప్రిల్ 1కి ముందుది కాకూడదు. మార్చిలో అమ్మిన బిందె ఏప్రిల్‌లో వాపసొస్తే క్రెడిట్ నోట్‌కు కొత్త ఏడాది నంబరే వేసి, అందులో పాత బిల్లు నంబర్, తేదీ రాయాలి.

తప్పుపడిన బిల్లును రద్దు చేయండి గానీ ఆ నంబర్‌ను మళ్లీ వాడకండి. జీఎస్టీఆర్-1లో 13వ పట్టిక ప్రతి సిరీస్‌కూ మొదటి నంబర్, చివరి నంబర్, మొత్తం, రద్దయినవి అడుగుతుంది. చిత్తూరులో మే నెలకు 00143 నుంచి 00210 వరకు వాడారనుకోండి. మొత్తం 68. మూడు రద్దయితే మిగతావి 65. అమ్మకాల రిజిస్టర్‌లో 64 బిల్లులే ఉంటే ఒకటి ఎక్కడో తప్పిపోయింది, రిటర్న్ వేసే ముందే వెతకండి.

ఇప్పుడు ఆగిన చిత్తూరు బిల్లు సంగతి. రిటర్న్ గట్టెక్కించడానికి నంబర్ చివర ‘A’ తగిలించి అప్‌లోడ్ చేయమని ఎవరైనా చెబితే వినకండి. కొన్న షాపు దగ్గరి కాగితంలో ఒక నంబర్, వాళ్ల జీఎస్టీఆర్-2బిలో ఇంకో నంబర్ ఉంటే, ఇన్‌పుట్ క్రెడిట్‌కు సంజాయిషీ చెప్పుకోవాల్సింది వాళ్లు. రిటర్న్ ఇంకా వేయలేదు కాబట్టి ఆ బిల్లు వెనక్కి తీసుకుని, రద్దు చేసినట్టు కొన్నవాళ్లతో రాతపూర్వకంగా ఒప్పించుకుని, చిత్తూరుకు కొత్త సిరీస్ తెరిచి అందులో బిల్లు ఇవ్వండి. రద్దయిన కాపీని ఫైల్లో ఉంచండి. సిరీస్ మార్చడానికి ఏప్రిల్ దాకా ఆగక్కర్లేదు. పాత వరుస ఏ నంబర్‌తో ఆపారో, కొత్తది ఏ తేదీన మొదలైందో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టుకుంటే చాలు. అదే తేదీ నుంచి శ్రీకాళహస్తికీ వేరే సిరీస్ పెట్టేయండి.