పచ్చ చిలుము ఉంటే పాత విగ్రహమేనా?

జుమ్మేరాత్ బజార్‌లో అడుగు ఎత్తు వేణుగోపాలుడి కంచు విగ్రహం చూశాను. ఒళ్లంతా పచ్చటి చిలుము. మూడొందల ఏళ్లనాటిదంటున్నారు. నమ్మవచ్చా?

చిలుము చూసి మాత్రం నమ్మకండి. ముందు విగ్రహం పక్కలు, చేతుల కింద, పీఠం అంచు చూడండి. తల నుంచి పాదం దాకా సన్నటి అతుకు గీత గానీ, దాన్ని రాకిన చార గానీ ఉంటే అది రెండు ముక్కల అచ్చులో పోసినది. మన పాత పంచలోహ విగ్రహాలు మైనపు పద్ధతివి, అంటే మైనపు బొమ్మకు మట్టి పూసి, మైనం కరిగించి తీసేసి, ఆ ఖాళీలో లోహం పోసినవి. మట్టి అచ్చును పగలగొట్టి తీస్తారు కాబట్టి అతుకు ఉండదు. అయితే తమిళనాడులోని స్వామిమలైలో నేటికీ అలాగే పోస్తారు, అందుకే అతుకు లేనంత మాత్రాన పాతదని కాదు.

తర్వాత భూతద్దంతో నగల మడతలు చూడండి. నాకైతే అసలు సాక్ష్యం ఇక్కడే ఉంటుంది. ఒకే దిశలో, సమానంగా సాగిన గీతలు గ్రైండర్‌వి. చిలుము ఆ గీతల లోపల కూడా ఉంటే, యంత్రం నడిచాకే పచ్చదనం వచ్చిందన్నమాట. భూమిలో ఏళ్ల తరబడి పట్టిన చిలుము లోహానికి అంటుకుని, తరచుగా కింద ఎర్రటి పొర ఉంటుంది. పూసినది అసిటోన్ దూదికి ఊడిరావచ్చు. గీకి మాత్రం చూడవద్దు, అసలుదైతే పాడవుతుంది.