స్టడీ హాల్‌కి నెల ఫీజు కట్టే ముందు

"అశోక్‌నగర్‌లో ఒక స్టడీ హాల్ చూశాను, పగలు నెట్ బాగానే ఉంది. ఫ్రీలాన్స్ పని, వీడియో కాల్స్ ఉంటాయి. నెల ఫీజు కట్టేయొచ్చా?"

ఇప్పుడే కట్టకండి. ఒక్క రోజుకి సీటు అడిగి, సాయంత్రం 7 గంటలకు కూర్చుని చూడండి. హాలు నిండి, వైఫై మీద బరువు పడేది అప్పుడే. మీ సీటు దగ్గరే స్పీడ్ టెస్ట్ పెట్టి అప్‌లోడ్ చూడండి, అది తగ్గితే కాల్‌లో మన మాట తెగుతుంది. 5 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. నేను పగలే చూసి కట్టేశాను. ఆ రాత్రి క్లయింట్‌కి నా మాట సగమే వినిపించింది.

ఇంకోటి, గ్రూప్స్‌కి చదివేవాళ్ల మధ్య పేజీ తిప్పినా వినపడుతుంది. మాట్లాడాలంటే మెట్ల మీదికి వెళ్లాలి, అక్కడ వైఫై అందకపోవచ్చు. రోజూ కాల్స్ ఉంటే ఫీజు ఎక్కువైనా ఫోన్ బూత్ ఉన్న కో-వర్కింగే తీసుకోండి.