విలన్ కనపడకముందే వచ్చాడని ఎట్లా తెలుస్తుంది?

ప్రశ్న: మొన్న కర్నూల్లో సినిమా చూస్తుంటే, విలన్ తెర మీదికి రాకముందే వస్తున్నాడని తెలిసిపోయింది. మ్యూజిక్ వల్లేనా? ఎట్లా?

అవును. మొదట్లో ఒకట్రెండుసార్లు విలన్ కనపడినప్పుడే ఒక బాణీ వినిపిస్తారు. మన మనసులో రెండూ జతపడతాయి. ఆ తర్వాత మనిషి కనపడక్కర్లేదు, బాణీ చాలు.

1975లో వచ్చిన హాలీవుడ్ సినిమా ‘జాస్’ చూడండి. అందులో విలన్ ఒక సొరచేప. దానికోసం సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ ముఖ్యంగా వాడింది పక్కపక్కనుండే రెండు స్వరాలే. చేప దగ్గరయ్యేకొద్దీ అవి వేగంగా, గట్టిగా మోగుతాయి. ఇద్దరు పిల్లలు అట్టతో చేసిన సొరచేప రెక్కతో జనాన్ని బెదరగొట్టే సీన్లో మాత్రం ఆ బాణీ రాదు, ఎందుకంటే అక్కడ చేప లేదు. బాణీని అట్లా నమ్మించాక, ఒకచోట అది మోగకుండానే చేప నీళ్లలోంచి లేస్తుంది. మనం సీట్లో ఎగిరిపడేది అందుకే.

ఎమోషన్ కోసం బాణీ అదే ఉంచి వాయిద్యం, వేగం మారుస్తారు. ఉదాహరణకు, సీమ ఫ్యాక్షన్ కథలో హీరో ఫైటుకు డప్పులతో మోగిన బాణీని, తమ్ముడు చనిపోయిన సీన్లో ఒక్క ఫ్లూట్ మీద నిదానంగా వాయిస్తే, అతని బలం సడలిందని మాటల్లేకుండానే తెలుస్తుంది. ప్రతి సీన్లో ఒకే మోత మోగిస్తే మాత్రం ఈ తేడా పట్టించే వీలుండదు.