ఆ రిపోర్టు మీరింకా చూడలేదు

“హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. వయసు 31. అమెరికా వెళ్లాలని అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ ఆర్‌ఎన్ రాశాను. 150 ప్రశ్నలూ వచ్చాయి, ఫెయిలయ్యాను. రిజిస్ట్రేషన్ మొదట్నుంచీ మావారి మెయిల్‌తోనే. రిపోర్టు ఆయనే చదివి వినిపించారు. మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్, మందులు పాస్ గీతకు ‘బిలో’. మిగతా భాగాల్లో నాలుగు ‘నియర్’, రెండు ‘అబవ్’. నాకు చూసే ధైర్యం లేకపోయింది. సగం ప్రశ్నలు అసలు తెలియనట్టే అనిపించాయి. 45 రోజులు కాగానే మళ్లీ రాయమంటున్నారు మావారు. ఆడపడుచు మొదటిసారే పాసైందని అత్తయ్య రోజూ అంటున్నారు. నాకు తెలివి తక్కువేమో. కోచింగ్ మార్చనా?”

కోచింగ్ సంగతి తర్వాత చూద్దాం. అత్తయ్య మాటలు కూడా నన్ను పెద్దగా కలవరపెట్టలేదమ్మా. ఉత్తరంలో నన్ను ఆపింది ఒక్క వాక్యం: రిపోర్టు ఆయనే చదివి వినిపించారు. పరీక్ష మీది, ఫలితం మీది, తేదీ నిర్ణయం మాత్రం ఆయనది. ఆయన మంచివారే కావచ్చు. కానీ వార్డులో రోగుల ప్రాణాలు చూసుకునే మనిషి తన సొంత కాగితం తాను చదువుకోలేకపోవడం నాకు నచ్చలేదు. ముందు అక్కడ మారాలి.

చదివితే భయం సగం తగ్గుతుంది కూడా. ఈ పరీక్షలో మీరు పాస్ గీతకు పైన ఉన్నారా, కింద ఉన్నారా అని కంప్యూటర్‌కు 95 శాతం నమ్మకం కుదరగానే ప్రశ్నలు ఆగిపోతాయి. బాగా వెనకబడినవారికి 85కే ఆగుతుంది. మీకు 150 దాకా వచ్చాయంటే చివరిదాకా అది తేల్చుకోలేకపోయింది. అంటే మీరు ఆ గీత దగ్గరే ఉన్నారు. సగం తెలియనట్టు అనిపించడం కూడా తెలివి తక్కువై కాదు. సరిగ్గా చెప్తే తర్వాతిది కష్టంగా, తప్పితే కాస్త తేలికగా ఇస్తుంది కాబట్టి పాసైనవాళ్లు కూడా దాదాపు సగం తప్పులతోనే బయటికి వస్తారు.

ఇక ‘బిలో’ వచ్చిన రెండూ చూద్దాం. మందులది సూటి విషయం. వార్డులో మనం బ్రాండు పేర్లతో పిలుస్తాం, అక్కడ జెనరిక్ పేర్లే ఉంటాయి. రోజూ మీరు ఇచ్చే మందుల జెనరిక్ పేరు, ఇచ్చాక ఏం గమనించాలి, ఎప్పుడు ఆపాలి అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వెళ్లండి.

మేనేజ్‌మెంట్ ఆఫ్ కేర్, అంటే ఎవరిని ముందు చూడాలి, ఎవరికి ఏ పని ఇవ్వాలి అన్న భాగం దగ్గరే అసలు పని ఉంది. పరీక్షలో పెద్ద భాగం అదే, మన నర్సులు చాలామంది తడబడేదీ అక్కడే. ఒక ప్రశ్న తీసుకోండి. ఒకామెకు మోకాలి ఆపరేషన్ అయింది, నొప్పితో అరుస్తోంది. ఇంకొకామెకు థైరాయిడ్ తీసేశారు, పెదాల చుట్టూ తిమ్మిరిగా ఉందని మెల్లగా చెప్తోంది. ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు? మన వార్డులో అరిచేవారి బంధువులు మన చెయ్యి పట్టుకుని లాగుతారు, అటే పోతాం. పరీక్షలో రెండో ఆమె ముందు. ఆ తిమ్మిరి కాల్షియం పడిపోతున్న గుర్తు, గొంతు బిగుసుకుపోవచ్చు. అలాగే ఎవరికి ఏ పని అప్పగించాలన్న ప్రశ్నలు. నిలకడగా ఉన్న రోగికి స్నానం చేయించడం, బీపీ చూడడం సహాయకులకు ఇవ్వచ్చు. రోగిని అంచనా వేయడం, డిశ్చార్జి జాగ్రత్తలు నేర్పడం ఆర్‌ఎన్, అంటే రిజిస్టర్డ్ నర్సు చేతిలోనే ఉండాలి. మన దగ్గర ఈ విభజన ఇంత కచ్చితంగా ఉండదు కాబట్టి డ్యూటీ అలవాటే మీ జవాబును తప్పించి ఉంటుంది.

రిపోర్టు ఏ ప్రశ్న తప్పిందో చెప్పదు. అది మీరే పట్టుకోవాలి. రోజూ ఈ భాగం నుంచి పాతికో, ముప్పయ్యో కొత్త ప్రశ్నలు చేయండి. తప్పిన ప్రతిదాని పక్కన ఒక్క మాట రాయండి: విషయం తెలియలేదు, ప్రశ్న సరిగ్గా చదవలేదు, రెండింటి మధ్య ఊగి మార్చాను. వారం తర్వాత ఏ మాట ఎక్కువ ఉందో చూడండి. ‘తెలియలేదు’ ఎక్కువుంటే పుస్తకం తెరవాలి. ‘ఊగాను’ ఎక్కువైతే పుస్తకం వల్ల లాభం లేదు, ఆ జవాబు ఎందుకు వదిలేశానో నోటితో చెప్పుకుంటూ చేయాలి. కోచింగ్ మార్చాలా వద్దా అనేది కూడా అప్పుడు తెలుస్తుంది. ‘నియర్’ ఉన్నవాటికి వారానికి రెండు రోజులు చాలు. ‘అబవ్’ ఉన్నవి మళ్లీ మొదట్నుంచీ చదవకండి, టెన్షన్‌లో అందరూ చేసే పొరపాటదే.

45 రోజులు కనీస గడువు మాత్రమే. ‘ఊగాను’ అన్నవి వరుసగా రెండు వారాలు తగ్గి, కొత్త ప్రశ్నల్లో ఆ భాగం మిగతావాటితో సమానంగా వచ్చాకే తేదీ తీసుకోండి.

ఈ రాత్రి ఆ రిపోర్టును మీ మెయిల్‌కు పంపించుకోండి. మళ్లీ రిజిస్టర్ అయ్యేటప్పుడు మీ మెయిల్ పెట్టండి. మీవారికి చెప్పండి, తేదీ నేను బుక్ చేశాక మీకు చెప్తానని. అత్తయ్య అడిగితే ఒకే జవాబు ఇవ్వండి: చదువుతున్నాను అత్తయ్యా.