డివిడెండ్ గడి లేని ఆప్షన్ షీటు

"ఇండెక్స్ కాల్ ధర చూసుకోవడానికి టెలిగ్రామ్ గ్రూపులో దొరికిన ఎక్సెల్ షీటు వాడుతున్నాను. ధర ఎక్కువ చూపిస్తోంది. డివిడెండ్ ఈల్డ్ కలపాలంటే ఏం మార్చాలి? తెరిచిన ప్రతిసారీ మాక్రోలు ఆన్ చేయమంటోంది." – ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

ముందు మాక్రోల సంగతి. ఈ లెక్కకు ఒక్క మాక్రో కూడా అక్కర్లేదు, మూడు గడుల్లో అయిపోతుంది. మరి ముక్కూ మొహం తెలియనివాళ్లు పంపిన ఫైలుకు ఆ అనుమతి ఎందుకు? మాక్రో అంటే మీ కంప్యూటర్లో మీ హక్కులతో నడిచే ప్రోగ్రాం. మీరు డీమ్యాట్ లాగిన్ చేసేదీ అదే కంప్యూటర్లో. గుంటూరు నుంచీ విజయవాడ నుంచీ ఇదే ఫిర్యాదు పదేపదే వస్తోంది. ఆ ఫైలు తీసేయండి, ఖాళీ షీటులో మీరే రాసుకోండి.

కాల్ చేతిలో ఉన్నవాళ్లకు డివిడెండ్ రాదు. కంపెనీలు డివిడెండ్ ఇచ్చినకొద్దీ ఇండెక్స్ మాత్రం ఆ మేరకు తగ్గుతుంది. అందుకే బ్లాక్–షోల్స్ సూత్రంలో S ఉన్న ప్రతిచోటా S·e^(−qT) పెట్టాలి. S ఇండెక్స్, q ఈల్డ్, T ఏళ్లలో గడువు. ఈ సవరణ 1973లో రాబర్ట్ మెర్టన్ చేసింది. B1 నుంచి B6 వరకు వరుసగా ఇండెక్స్, స్ట్రైక్, వడ్డీ, ఈల్డ్, వొలటిలిటీ, ఏళ్లలో గడువు వేయండి.

```
B7: =(LN(B1/B2)+(B3-B4+B5^2/2)*B6)/(B5*SQRT(B6))
B8: =B7-B5*SQRT(B6)
B9: =B1*EXP(-B4*B6)*NORM.S.DIST(B7,TRUE)-B2*EXP(-B3*B6)*NORM.S.DIST(B8,TRUE)
```

ఇండెక్స్ 1000, స్ట్రైక్ 1000, వడ్డీ 6%, ఈల్డ్ 2%, వొలటిలిటీ 20%, గడువు ఏడాది అనుకుందాం. B7లో d1 0.30, B8లో d2 0.10 వస్తాయి. B9లో మొదటి భాగం 605.68, రెండోది 508.39, కాల్ ధర 97.29. ఈల్డ్ సున్నా చేస్తే 109.90. మీ షీటు ఎక్కువ చూపిస్తున్నది ఇందుకే.

B4 రెండు చోట్ల ఉందని గమనించారా? చాలామంది ఒకచోటే మారుస్తారు. B7లో మాత్రమే మారిస్తే 109.52 వస్తుంది, అంటే దాదాపు ఏమీ మారనట్టే. B9లో మాత్రమే మారిస్తే 96.92. అసలు జవాబుకు ఇంత దగ్గరగా ఉంటుంది కాబట్టి ఈ తప్పు ఏళ్ల తరబడి దాక్కోగలదు. పుట్-కాల్ పారిటీతో సరిచూసినా దొరకదు. పుట్‌లోనూ అదే d1 వాడితే రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దొరకబుచ్చుకోవాలంటే ముందు B4లో 2%, B1లో 1000 ఉంచి ధర రాసుకోండి, తర్వాత B4లో సున్నా, B1లో 980.20 వేయండి. ఇది 1000·e^(−0.02). రెండుసార్లూ 97.29 రావాలి. రెంటికీ తేడా ఉందంటే B7 చూడండి.

ఈల్డ్ గడిలో 2 అని కాకుండా 2% అనో 0.02 అనో కొట్టండి. ఉత్త 2 అంటే ఏడాదికి 200 శాతం, కాల్ ధర సున్నాకు పడిపోతుంది. ఈ గడే లేకుండా షీట్లు తయారుచేసి పంచేవాళ్లంటే నాకు నిజంగా కోపం.

ఒకే కంపెనీ షేరు మీద ఆప్షన్ అయితే ఈ పద్ధతి సరిపోదు. అక్కడ డివిడెండ్ ఒక తేదీన ఒక్కసారిగా వస్తుంది. గడువులోపు ఎక్స్-డేట్ ఉంటే ఆ మొత్తం నేటి విలువను షేరు ధరలోంచి తీసేసి, B4ను సున్నాగా ఉంచండి. ఎక్స్-డేట్ గడువు దాటాక ఉంటే ఏదీ తీసేయొద్దు.