దగ్గరి ఆసుపత్రిని ఒకసారి అర్ధరాత్రి వెళ్లి చూడండి

ప్రశ్న: బీపీ, షుగర్ ఉన్న 76 ఏళ్ల నాన్నగారిని నగరంలోని మా ఇంటికి తీసుకువస్తున్నాం. దగ్గర్లో ఆసుపత్రి, మందుల షాపు, ఇంట్లో చూసుకునే మనిషి విషయంలో దేన్ని బట్టి నిర్ణయించుకోవాలి?

జవాబు: మా అమ్మగారి విషయంలో మేము దూరం ఒక్కటే చూసుకుని పొరపాటు చేశాం. ఒకరోజు తెల్లవారుజామున 5 గంటలకు ఆమె మూతి వంకరపోయి, కుడి చేయి లేవకపోతే, ఐదు నిమిషాల్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడ సీటీ స్కాన్ యంత్రం ఉంది గానీ, దాన్ని నడిపే టెక్నీషియన్ ఉదయం వరకు రాడన్నారు. మరో ఆసుపత్రికి చేరేసరికి 6 దాటింది.

మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి పక్షవాతం వస్తే, దాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల లోపే, అదీ మెదడులో రక్తస్రావం లేదని స్కాన్‌లో తేలాకే ఇస్తారు. ఆ గడువును మనం గమనించిన క్షణం నుంచి కాక, మనిషి చివరిసారి మామూలుగా కనిపించిన సమయం నుంచి లెక్కిస్తారు. డాక్టరు అదే అడిగితే, రాత్రి 10 గంటలకు అని చెప్పాం. గడువు దాటిందన్నారు. అమ్మను 3 గంటలకు బాత్రూమ్‌కు తీసుకెళ్లానని, అప్పుడు బాగానే నడిచి మాట్లాడిందని అటెండెంట్ మర్నాడు చెప్పింది. ఆమెను మేము అడగనే లేదు. ఆసుపత్రి మీద ఎంత కోప్పడినా, అసలు నష్టం ఇంట్లోనే జరిగింది.

అందుకే ఒక రాత్రి 11 తర్వాత ఎమర్జెన్సీకి వెళ్లి, ఈ వేళలో సీటీ తీస్తారా, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇక్కడే ఇస్తారా అని అడగండి. రిసెప్షన్‌లో కాకుండా డ్యూటీ డాక్టరును అడగడం మంచిది. "వేరే చోటికి పంపుతాం" అంటే, పది నిమిషాలు ఎక్కువైనా ఆ వేరే చోటునే మొదటి ఆసుపత్రిగా పెట్టుకోండి.

ఇంట్లో చూసుకునే మనిషికి ఒక నోటు పుస్తకం ఇచ్చి, రాత్రి లేచిన ప్రతిసారీ సమయం, ఎలా నడిచారు, ఎలా మాట్లాడారు అన్నది రాయమనండి. షుగర్ బాగా పడిపోయినా మాట తడబడి పక్షవాతంలా కనిపించవచ్చు కనుక, గ్లూకోమీటరు వాడకం కూడా నేర్పాలి. అయితే పరీక్ష పేరుతో బయలుదేరడం ఆలస్యం కాకూడదు. ఇన్సులిన్ ఉంటే మాత్రం, దాన్ని ఇవ్వడంలో శిక్షణ పొందిన మనిషి కావాలి.

ఆ రోజు డాక్టరు అడిగిన రెండో ప్రశ్న, రక్తం పలచబడే మందు వాడుతున్నారా అని. ఆ ఇంజెక్షన్ ఇవ్వవచ్చా లేదా అన్నది దాని మీద కూడా ఆధారపడుతుంది. మేము మూడు షాపుల్లో కొనేవాళ్లం కాబట్టి ఎవరి దగ్గరా పూర్తి జాబితా లేదు. ఇప్పుడు అన్నీ ఒకే షాపులో కొంటున్నాం. ఫార్మసిస్టు స్వయంగా ఉండే షాపును ఎంచుకున్నాం. మందు పేరు, మోతాదు, ఆఖరి డోసు వేసిన సమయం ఉన్న కాగితం ఆ నోటు పుస్తకంలోనే ఉంటుంది.